డాలర్ల ఇన్‌వాయిస్, రూపాయల పద్దు: మారకపు తేడాను ఎప్పుడు, ఎంత రాయాలి?

2025 మే మొదట్లో డాలరు 84 రూపాయల దగ్గర ఉంది. అదే ఏడాది డిసెంబరులో 90 దాటింది. 20,000 డాలర్ల సరుకు బిల్లు మీద చూస్తే ఈ తేడా లక్షా ఇరవై వేల రూపాయలు. రూపాయి పడితే ఎగుమతిదారుకు లాభం, దిగుమతిదారుకు నష్టం అన్నది అందరికీ తెలిసిందే. చిక్కంతా ఆ తేడాను పద్దు పుస్తకంలో ఎక్కించే దగ్గర వస్తుంది. అది అమ్మకంలో కలుస్తుందా? దానిపై జీఎస్టీ పడుతుందా? బిల్లు ఫిబ్రవరిలో వేసి డబ్బు మే నెలలో వస్తే ఏ ఏడాది లెక్కలో చూపాలి? బ్యాంకులో తక్కువ పడిన మొత్తమంతా మారకపు నష్టమేనా?

క్లుప్తంగా

అమ్మకం జరిగిన రోజు రేటుతో అమ్మకం విలువ స్థిరపడుతుంది, తర్వాత మారదు. కొనుగోలుదారు నుంచి రావాల్సిన బాకీని మాత్రం మార్చి 31న ఆ రోజు రేటుతో మళ్లీ విలువ కట్టాలి. డబ్బు అందిన రోజు చివరిసారి తేడా తేల్చాలి. బ్యాంకు కోతలు, కస్టమ్స్ రేటు వల్ల కనిపించే తేడా మారకపు లాభనష్టాల కిందికి రావు.

అమ్మకం ఆగుతుంది, బాకీ కదులుతుంది

ఈ లెక్కకు ఆధారం కంపెనీని బట్టి అకౌంటింగ్ ప్రమాణాలైన ఏఎస్ 11 గానీ, ఇండ్ ఏఎస్ 21 గానీ అవుతుంది. మామూలు కొనుగోళ్లు, అమ్మకాల వరకు రెండూ ఒకే మాట చెబుతాయి. విదేశీ కరెన్సీలో ఇంత అని రావాల్సినవీ, ఇంత అని చెల్లించాల్సినవీ ద్రవ్య అంశాలు. బ్యాంకులోని డాలర్లు, కస్టమర్ బాకీ, సప్లయర్‌కు ఇవ్వాల్సింది, డాలర్ రుణం ఈ కోవలోకి వస్తాయి. సరుకు నిల్వ, యంత్రం, అమ్మకం, కొనుగోలు ద్రవ్యేతర అంశాలు.

విభజన వెనక కారణం సూటిగానే ఉంది. 20,000 డాలర్ల బాకీ అంటే రేపు చేతికి వచ్చేది 20,000 డాలర్లే, దానికి ఎన్ని రూపాయలు వస్తాయో ఇంకా తేలలేదు. అందుకే బ్యాలెన్స్ షీట్ తేదీన దాన్ని తాజా రేటుతో చూపకపోతే అది పాత విలువను చూపుతుంది. అమ్మకం అలా కాదు. సరుకు వెళ్లిపోయింది, వ్యవహారం ముగిసింది. ఆ తర్వాత రూపాయి పడినా లేచినా సరుకు అమ్మిన ధర మారదు. మారేది అప్పు ఇచ్చి ఎదురుచూసిన కాలంలో ఆ అప్పు విలువ. అందుకే తేడాను అమ్మకానికి కలపకుండా, తీసేయకుండా లాభనష్టాల ఖాతాలో వేరే పద్దుగా చూపుతారు.

అమ్మకం విలువే మారనప్పుడు డెబిట్ నోటు, క్రెడిట్ నోటు ఇవ్వాల్సిన పని లేదు. ఎగుమతి బిల్లు మీద వచ్చిన మారకపు లాభం సరుకుకు అదనపు ధర కాదు కాబట్టి దానిపై జీఎస్టీ కూడా రాదు.

ఏ రోజు రేటు, ఎవరి రేటు?

ఇన్‌వాయిస్ మీద ఉన్న తేదీ రేటునే తీసుకోవడం చాలా ఆఫీసుల్లో అలవాటు. సరుకు ఎగుమతిలో ఇది ప్రతిసారీ సరికాదు. కస్టమ్స్‌కు షిప్పింగ్ బిల్లు వేయాలంటే ముందే ఇన్‌వాయిస్ ఉండాలి, కంటైనర్ ఓడ ఎక్కేది కొన్ని రోజుల తర్వాత. ఎఫ్‌ఓబీ షరతుపై అమ్మితే సరుకు బాధ్యత కొనుగోలుదారుకు మారేది ఓడ ఎక్కినప్పుడు. కాబట్టి అమ్మకం గుర్తించే తేదీ సాధారణంగా ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ అవుతుంది, రేటు కూడా ఆ రోజుదే. బిల్లులు చాలా ఉండి రేటు పెద్దగా ఊగని కాలంలో వారానికో నెలకో సగటు రేటు వాడుకునే వెసులుబాటు ప్రమాణాల్లో ఉంది. రేటు వేగంగా కదిలే నెలలో మాత్రం ఆ సగటు నిలబడదు.

పద్దు కోసం చాలా కంపెనీలు బెంచ్‌మార్క్ రేట్ల సంస్థ ఎఫ్‌బీఐఎల్ ప్రకటించే రిఫరెన్స్ రేటు తీసుకుంటాయి. 2018 వరకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన రోజువారీ రేటు స్థానంలో వచ్చింది ఇదే. కొందరు తమ బ్యాంకు రేటు వాడతారు. ఏది వాడినా ఏడాది పొడవునా అదే వాడాలి. బిల్లుకో రేటు ఏరుకుంటే ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.

రెండో రేటు కస్టమ్స్‌ది. ఇది నెలకు రెండుసార్లు మారుతుంది, ఎగుమతికి ఒకటి, దిగుమతికి ఒకటి ఉంటుంది. జీఎస్టీ నిబంధన 34 ప్రకారం సరుకుల విషయంలో రూపాయి విలువను ఈ కస్టమ్స్ రేటుతోనే కట్టాలి. సేవలకైతే అదే నిబంధన సాధారణ అకౌంటింగ్ సూత్రాల రేటును ఒప్పుకుంటుంది. అందువల్ల హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీకి పుస్తకంలోనూ రిటర్నులోనూ ఒకే అంకె ఉండవచ్చు. గుంటూరు మిర్చి ఎగుమతిదారుకు రెండు అంకెలు రావడం మామూలే.

మిర్చి పొడి బిల్లు ఒకటి, మొదటి నుంచి చివరిదాకా

గుంటూరు ఎగుమతిదారు 20,000 డాలర్ల మిర్చి పొడిని 90 రోజుల గడువుతో అమ్మాడనుకుందాం. కింది రేట్లు లెక్క అర్థం కావడానికి ఊహించినవి.

షిప్పింగ్ బిల్లులో కస్టమ్స్ రేటు 85.90. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ ఫిబ్రవరి 24, ఆ రోజు రిఫరెన్స్ రేటు 86.50. పుస్తకంలో అమ్మకం 17,30,000 రూపాయలు.

- కస్టమర్ ఖాతా డెబిట్ 17,30,000
- ఎగుమతి అమ్మకాలు క్రెడిట్ 17,30,000

జీఎస్టీఆర్-1లో చూపే విలువ కస్టమ్స్ రేటు ప్రకారం 17,18,000. ఈ 12,000 తేడా మారకపు నష్టం కాదు, దానికి ఏ ఎంట్రీ అవసరం లేదు. పుస్తకానికీ రిటర్నుకూ మధ్య పొంతన చూపే పట్టికలో బిల్లు నంబరు పక్కన రాసి ఉంచితే చాలు. కొందరు తలనొప్పి ఎందుకని పుస్తకంలో కూడా కస్టమ్స్ రేటుతోనే అమ్మకం రాసేస్తారు. అప్పుడు మొత్తం ఆదాయం చివరికి అంతే వస్తుంది గానీ 12,000 రూపాయలు అమ్మకం నుంచి జారి మారకపు పద్దులో పడతాయి. ఒక బిల్లుకు ఇది చిన్నదే. ఏడాదికి రెండు వందల బిల్లులున్న చోట అమ్మకాల అంకె, దానిపై లెక్కించే లాభ శాతం నిజం నుంచి తప్పుతాయి.

మార్చి 31 నాటికి డబ్బు రాలేదు. ఆ రోజు ముగింపు రేటు 85.60. బాకీ విలువ 17,12,000కు తగ్గింది.

- మారకపు నష్టం డెబిట్ 18,000
- కస్టమర్ ఖాతా క్రెడిట్ 18,000

డబ్బు ఇంకా రాలేదు కదా, అప్పుడే నష్టం ఎందుకు రాయాలన్న సందేహం ఇక్కడే పుడుతుంది. రేటు పెరిగి ఉంటే ఇదే పద్ధతిలో చేతికి రాని లాభాన్ని కూడా రాయాల్సి వచ్చేది. నష్టమైతే రాసి, లాభమైతే ఆగుదామన్న జాగ్రత్తకు ఇక్కడ చోటు లేదు. రెండు వైపులా ముగింపు రేటే కొలమానం.

ఏప్రిల్ 1న ఈ ఎంట్రీని తిప్పి రాయాల్సిన పని లేదు. కొత్త ఏడాదిలో కస్టమర్ ప్రారంభ నిల్వ 17,12,000. తిప్పి రాసే అలవాటున్న ఆఫీసులో నిల్వ మళ్లీ 17,30,000 అవుతుంది. అప్పుడు వసూలు రోజు తేడాను ఆ అంకెతోనే పోల్చాలి. తిప్పి రాయకుండా పాత అంకెతో పోల్చినా, తిప్పి రాసి కొత్త అంకెతో పోల్చినా 18,000 రూపాయల తప్పు మిగులుతుంది. ఏడాది మారే బిల్లుల్లో ఎక్కువగా దొరికే పొరపాటు ఇదే.

మే 22న కొనుగోలుదారు 20,000 డాలర్లు పంపాడు. మధ్యలో ఉన్న విదేశీ బ్యాంకు 25 డాలర్లు కోసుకుంది, ఇక్కడికి చేరినవి 19,975. బ్యాంకు ఇచ్చిన రేటు 86.20, అంటే 17,21,845 రూపాయలు. అందులోంచి బ్యాంకు తన రుసుము 500, దానిపై జీఎస్టీ 90, కరెన్సీ మార్పిడి సేవపై జీఎస్టీ 1,120 మినహాయించి 17,20,135 ఖాతాలో వేసింది.

మార్పిడిపై జీఎస్టీ మొత్తం సొమ్ము మీద పడదు. నిబంధన 32 ఇచ్చిన పద్ధతిలో 10 లక్షలు దాటిన మార్పిడికి సేవ విలువను 5,500 రూపాయలు, దానికి తోడు 10 లక్షలపై ఉన్న మొత్తంలో 0.10 శాతంగా, గరిష్ఠంగా 60,000 వరకు లెక్కిస్తారు. ఇక్కడ అది సుమారు 6,222. దానిపై 18 శాతం 1,120.

- బ్యాంకు ఖాతా డెబిట్ 17,20,135
- బ్యాంకు చార్జీలు డెబిట్ 2,655
- జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ డెబిట్ 1,210
- కస్టమర్ ఖాతా క్రెడిట్ 17,12,000
- మారకపు లాభం క్రెడిట్ 12,000

చార్జీల్లో 2,155 రూపాయలు ఆ 25 డాలర్ల విలువ, మిగతా 500 మన బ్యాంకు రుసుము. మారకపు లాభం వచ్చిన తీరు గమనించాలి. తీరిన బాకీ పూర్తి 20,000 డాలర్లు. దాన్ని 86.20తో గుణిస్తే 17,24,000. పుస్తకంలో ఉన్నది 17,12,000. తేడా 12,000. బ్యాంకులో ఎంత పడిందన్నది ఈ గుణకారంలోకి రాదు.

మొత్తం బిల్లు మీద చూస్తే 86.50కి రాసినది 86.20కి తీరింది, 6,000 నష్టం. అది మొదటి ఏడాది 18,000 నష్టంగా, రెండో ఏడాది 12,000 లాభంగా విడిపోయింది.

బ్యాంకు కోతలను నష్టంలో కలిపితే ఏమవుతుంది?

హడావుడిలో జరిగేది వేరు. అమ్మకం 17,30,000, బ్యాంకులో పడింది 17,20,135, తేడా 9,865 రూపాయలు మారకపు నష్టం అని ఒకే ఎంట్రీతో ముగిస్తారు. రెండు వైపులా సరిపోతుంది కాబట్టి తప్పు బయటపడదు. కానీ లాభం వచ్చిన ఏడాదిలో నష్టం కనిపిస్తుంది. దాటిపోయిన ఏడాది ఫలితంలో 18,000 ఎక్కువ చూపినట్టవుతుంది. వీటికి మించి, తిరిగి వాడుకోదగిన 1,210 రూపాయల పన్ను క్రెడిట్ ఖర్చులో కలిసిపోతుంది. పన్ను కట్టకుండా ఎల్‌యూటీ అనే హామీపత్రం మీద ఎగుమతి చేసేవారికి ఇలా పేరుకున్న క్రెడిట్ రిఫండ్‌గా రావాల్సిన సొమ్ము.

ఈ పొరపాటుకు మూలం ఒక్కటే, బ్యాంకు స్టేట్‌మెంటులో నికర మొత్తం తప్ప మరేదీ కనిపించకపోవడం. వసూలు ఎంట్రీ రాసే ముందు బ్యాంకు ఇచ్చే విదేశీ చెల్లింపు సలహా పత్రం తెప్పించుకోవాలి. పంపిన డాలర్లు, చేరిన డాలర్లు, మార్పిడి రేటు, రుసుము, పన్ను అందులో విడివిడిగా ఉంటాయి. బ్యాంకు దగ్గర జీఎస్టీ నంబరు నమోదు కాకపోతే పన్ను కట్ అవుతూనే ఉంటుంది గానీ జీఎస్టీఆర్-2బీలో కనిపించదు, క్రెడిట్ అందదు.

డబ్బును రూపాయల్లోకి మార్చకుండా ఈఈఎఫ్‌సీ అనే విదేశీ కరెన్సీ ఖాతాలో డాలర్లుగానే ఉంచుకుంటే కస్టమర్ బాకీ ఆ రోజు రేటుతో తీరుతుంది, తేడా ఆ రోజే తేలుతుంది. అక్కడి నుంచి ఊగేది ఖాతాలోని డాలర్ నిల్వ. దాన్ని మార్చినప్పుడు వచ్చే తేడా కస్టమర్ లెడ్జర్‌కు సంబంధించినది కాదు.

అడ్వాన్స్ వచ్చిన బిల్లు

ఇదే బిల్లుకు జనవరిలో 6,000 డాలర్లు అడ్వాన్స్ వచ్చిందనుకుందాం, ఆ రోజు రేటు 85.00. పుస్తకంలో 5,10,000 రూపాయలు. ఇక్కడ ఎగుమతిదారు డాలర్లు తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేదు, సరుకు ఇవ్వాలి. కాబట్టి ఈ అడ్వాన్స్ ద్రవ్యేతర అంశం. మార్చి 31 మధ్యలో వచ్చినా దాన్ని కొత్త రేటుతో కదపకూడదు. అమ్మకం రోజున ఆ 6,000 డాలర్ల భాగాన్ని 85.00తోనే, మిగతా 14,000 డాలర్లను 86.50తో లెక్కగట్టాలి. అమ్మకం 5,10,000, 12,11,000 కలిపి 17,21,000.

మొత్తం బిల్లును 86.50తో రాసేస్తే అమ్మకం 9,000 పెరిగి, అడ్వాన్స్ సర్దుబాటులో అంతే మారకపు నష్టం పుడుతుంది. నిజానికి ఆ భాగంపై వ్యాపారి ఒక్క రోజు కూడా రేటు ప్రమాదాన్ని మోయలేదు, డబ్బు ముందే చేతిలో ఉంది. లేని నష్టాన్ని పుస్తకం పుట్టించిందన్నమాట. ఆర్డరు రద్దయి అడ్వాన్స్ వాపసు ఇవ్వాల్సి వస్తే మాత్రం పరిస్థితి మారుతుంది. అప్పటి నుంచి అది డాలర్లలో చెల్లించాల్సిన బాకీ, ముగింపు రేటు వర్తిస్తుంది.

దిగుమతి వైపు

హైదరాబాద్ ఫార్మా యూనిట్ చైనా నుంచి ముడిసరుకు డాలర్లలో కొంటే లెక్క ఇదే, దిశ ఎదురు. రేటు పెరిగితే చెల్లించాల్సింది పెరుగుతుంది, తేడా నష్టం. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు చెల్లింపు రోజున పడిన అదనపు రూపాయలను కొనుగోలు ధరకు కలపడం. స్టాకు విలువ సరుకు తీసుకున్న రోజు రేటు దగ్గరే ఆగాలి. లేకపోతే గోదాములో ఉన్న అదే డ్రమ్ము విలువ సప్లయర్‌కు ఎప్పుడు డబ్బు కట్టారన్న దాన్ని బట్టి మారిపోతుంది. కస్టమ్స్ సుంకం బిల్ ఆఫ్ ఎంట్రీలోని కస్టమ్స్ రేటుపై కట్టినది కాబట్టి ఆ అంకె కూడా తర్వాత కదలదు.

యంత్రం దిగుమతిలో పుస్తకం, పన్ను రెండు దారులు పడతాయి. పుస్తకంలో సాధారణంగా తేడా లాభనష్టాల ఖాతాకే వెళ్తుంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారమైతే చెల్లింపు జరిగినప్పుడు తేలిన తేడాను ఆస్తి ధరకు కలపాలి లేదా తీసేయాలి. తరుగుదల దానిపై లెక్క. అందుకే యంత్రాల సప్లయర్లకు సంబంధించిన మారకపు తేడాను సరుకు బిల్లుల తేడాతో కలపకుండా వేరే లెడ్జర్‌లో ఉంచితే పన్ను లెక్క వేసేటప్పుడు వెతుకులాట ఉండదు.

టాలీలో ఎక్కడ కనిపిస్తుంది, తప్పు ఎలా దొరుకుతుంది?

టాలీలో కరెన్సీని సృష్టించి బిల్లును డాలర్లలోనే ఎక్కిస్తే ప్రతి వోచర్‌లో డాలర్ల అంకె, రేటు, రూపాయల అంకె మూడూ నిలిచి ఉంటాయి. ఇంకా ఎంట్రీ వేయని తేడా బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` పేరుతో కనిపిస్తుంది. అది చూసి లెక్క పూర్తయిందనుకోవడం పొరపాటు. అది సాఫ్ట్‌వేర్ ఇచ్చే హెచ్చరిక మాత్రమే. దాన్ని పద్దులోకి తేవాలంటే జర్నల్ వోచర్ రకంలో ఒక క్లాస్ సృష్టించి, అందులో `Use Class for Forex Gain/Loss Adjustments` ఎంపికకు అవును అనాలి. ఆ క్లాస్‌తో మార్చి 31 తేదీన జర్నల్ వేయాలి. దానికి ముందు ఆ తేదీ ముగింపు రేటును కరెన్సీ రేట్ల పట్టికలో ఎక్కించి ఉండాలి, లేదంటే పాత రేటుతోనే లెక్క తేలుతుంది.

వసూలును బిల్లు నంబరుకు ముడిపెట్టకుండా ఖాతా మీద జమ వేస్తే ఏ బిల్లు ఏ రేటుకు తీరిందో తెలియదు. కొంత సొమ్మే వచ్చిన బిల్లుల్లో ఇది మరీ చిక్కు. 20,000లో 12,000 డాలర్లు వస్తే ఆ 12,000కు సంబంధించిన తేడానే తేల్చాలి, మిగతా 8,000 పాత విలువతోనే మార్చి 31 దాకా నిలుస్తుంది.

ప్రతి పార్టీ లెడ్జర్‌కూ చేయదగిన పరీక్ష ఒకటుంది. మార్చి 31 సర్దుబాటు అయ్యాక రూపాయల నిల్వను డాలర్ల నిల్వతో భాగిస్తే ముగింపు రేటు రావాలి. 45,000 డాలర్ల నిల్వకు 39,60,000 రూపాయలు కనిపిస్తే భాగఫలం 88. ముగింపు రేటు 85.60 అయితే ఉండాల్సింది 38,52,000. ఎక్కడో 1,08,000 తప్పు ఉంది. డాలర్ల నిల్వ సున్నా అయి రూపాయలు మిగిలితే తేలని మారకపు తేడా ఉన్నట్టు. రూపాయలు సున్నా అయి 25 డాలర్లు వేలాడుతుంటే విదేశీ బ్యాంకు కోతను చార్జీగా రాయలేదన్నట్టు. జపాన్ బిల్లులకు మరో జాగ్రత్త కావాలి. యెన్ రేటును రిఫరెన్స్ పట్టికలోనూ కస్టమ్స్ పట్టికలోనూ 100 యెన్‌లకు ఇస్తారు. ఆ అంకెను ఒక యెన్ రేటుగా ఎక్కిస్తే భాగఫలం నూరు రెట్లు వస్తుంది. ఈ తప్పును బిల్లు ఎక్కించేటప్పుడే, వసూలుకు ముందే, సరిచేసుకోవచ్చు.